కిడ్నీ రక్తపరీక్షల సమీక్ష: ఫాస్ఫేట్, పీటీహెచ్, బైకార్బొనేట్

రోగి: 58 ఏళ్ల మహిళ. మధుమేహం వల్ల వచ్చిన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, ప్రస్తుతం 4వ దశ. ఈ నోట్ మీకూ, మిమ్మల్ని చూసే డాక్టరుగారికీ. ఈజీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీ రక్తాన్ని వడకట్టే బలానికి అంచనా, పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్.

| తేదీ | ఈజీఎఫ్‌ఆర్ | ఫాస్ఫేట్ (మి.గ్రా./డె.లీ.) | పీటీహెచ్ (పి.గ్రా./మి.లీ.) | బైకార్బొనేట్ (మి.మోల్/లీ.) |
|---|---|---|---|---|
| ఫిబ్రవరి 2024 | 34 | 3.6 | 78 | 24 |
| ఆగస్టు 2024 | 31 | 3.9 | 104 | 23 |
| ఫిబ్రవరి 2025 | 28 | 4.1 | 139 | 21 |
| మే 2025 | 27 | 5.6 | చేయలేదు | 17 |
| వారం తర్వాత మళ్లీ | 27 | 4.3 | చేయలేదు | 20 |
| ఆగస్టు 2025 | 26 | 4.4 | 171 | 20 |

ల్యాబ్ ఇచ్చిన సాధారణ పరిధి: ఫాస్ఫేట్ 2.5–4.5, పీటీహెచ్ 15–65, బైకార్బొనేట్ 22–29. ఆగస్టు 2025లో క్యాల్షియం 8.9, విటమిన్ డి 14, పొటాషియం 5.0.

ముందు మే నెల సంగతి. ఆ రోజు శాంపిల్‌లో ఎర్ర రక్తకణాలు పగిలాయని ల్యాబ్ రాసింది. పొటాషియం కూడా 6.1 చూపించింది. కణాల లోపలి ఫాస్ఫేట్, పొటాషియం బయటికొచ్చి కలిస్తే రెండూ లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. మూత తీసిన ట్యూబు ఆలస్యమైతే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి బైకార్బొనేట్ తగ్గినట్టు కనిపిస్తుంది. వారానికే అంకెలు పాత దారికి వచ్చాయి కాబట్టి మే వరుసను లెక్కలోంచి తీసేశాం. దాన్ని చూసి మందు మొదలుపెట్టి ఉంటే తప్పయ్యేది.

పీటీహెచ్. ఈ పట్టికలో అసలు కథ ఇదే. ఏడాదిన్నరలో 78 నుంచి 171కి, ఎక్కడా వెనక్కి తగ్గకుండా పెరిగింది. కిడ్నీ బలం తగ్గేకొద్దీ ఫాస్ఫేట్‌ను బయటికి నెట్టడానికి శరీరం ఈ హార్మోన్‌ను పెంచుతుంది. 4వ దశలో కొంత పెరుగుదల సహజమే. ఒక్కసారి 120 వచ్చిందని మేం కంగారుపడం, ఇలా ప్రతిసారీ పెరుగుతూ పోతే మాత్రం కారణం వెతుకుతాం. మీకు దొరికిన కారణం విటమిన్ డి లోపం. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు 3 రోజుల ముందు ఆపండి. కొన్ని యంత్రాల్లో అది పీటీహెచ్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. యంత్రానికీ యంత్రానికీ తేడా ఉంటుంది కనుక ల్యాబ్ మార్చవద్దు.

ఫాస్ఫేట్. 4.4 అంటే పరిధి లోపలే. కానీ "నార్మల్" అని పక్కన పెట్టే అంకె కాదిది: పీటీహెచ్ అంతగా శ్రమపడితేనే ఇది ఇక్కడ నిలబడింది. ఆ శ్రమ చాలని రోజు ఫాస్ఫేట్ 4.5 దాటి అక్కడే ఉండిపోతుంది. ఆ రోజు ఇంకా రాలేదు కాబట్టి ఫాస్ఫేట్‌ను బంధించే మాత్రలు ఇప్పుడు ఇవ్వడం లేదు, తిండి మీదే దృష్టి. ప్యాకెట్ వెనుక "ఫాస్ఫేట్" లేదా "ఫాస్ఫారిక్" అన్న మాట ఉంటే వద్దు. అలా కలిపిన ఫాస్ఫేట్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది, పప్పుల్లోది అంతగా పట్టదు. ఇకముందు ఫాస్ఫేట్ తగ్గితే వెంటనే సంతోషించకండి. బరువు, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా తగ్గుతుంటే సరిగ్గా తినడం లేదని అర్థం.

బైకార్బొనేట్. 24 నుంచి 20కి మెల్లగా దిగింది. రోజూ పుట్టే ఆమ్లాన్ని కిడ్నీ పూర్తిగా బయటికి పంపలేకపోతోంది. ఆ మిగులును ఎముకలు, కండరాలు భరిస్తాయి, పొటాషియం కూడా పెరగవచ్చు. బైకార్బొనేట్ నెలల తరబడి జారితే కిడ్నీ వల్ల, రెండు మూడు రోజుల్లో పడిపోతే విరేచనాల వల్ల కావచ్చు. మందు లేకుండా హఠాత్తుగా పెరిగితే కిడ్నీ బాగుపడిందనుకోవద్దు, వాంతులో, మూత్రం ఎక్కువ చేసే మాత్రలో కారణమై ఉంటాయి.

ఇప్పుడు చేసేవి

సోడియం బైకార్బొనేట్ 500 మి.గ్రా., రోజుకు రెండుసార్లు (రెండూ కలిపి సుమారు 12 మి.మోల్). 4 వారాలకు మళ్లీ పరీక్ష. 22 దాటితే చాలు, 26 పైకి పోనివ్వం. ఇందులో సోడియం ఉంది కాబట్టి ఇంట్లో బీపీ, ఉదయం బరువు రాసుకోండి.

విటమిన్ డి 60,000 యూనిట్లు వారానికొకటి, 8 వారాలు. తర్వాత క్యాల్షియం, పీటీహెచ్ కలిపి చూస్తాం. క్యాల్షియం కదలకుండా పీటీహెచ్ తగ్గితే మందు పని చేసినట్టే. క్యాల్షియం 10.2 దాటితే విటమిన్ డి ఆపుతాం. పీటీహెచ్‌ను మరీ అణచేస్తే ఎముక తనను తాను సరిచేసుకోవడం మానేస్తుంది కాబట్టి 65కి దించాలన్న పట్టుదల మాకు లేదు. విటమిన్ డి చురుకైన రూపమైన క్యాల్సిట్రయోల్ ఇప్పుడే వద్దు. లోపం తీరాక కూడా పీటీహెచ్ ఎక్కుతూనే ఉంటే అప్పుడు ఆలోచిస్తాం.

ఫాస్ఫేట్, క్యాల్షియం 3 నెలలకోసారి, పీటీహెచ్ ఈ మార్పు తర్వాత 6 నెలలకోసారి. రక్తం ఎప్పుడూ ఉదయం ఒకే వేళకు ఇవ్వండి. రెండు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా 4 వారాల పరీక్ష దాకా ఆగకుండా రండి.