బంటీ వాళ్ళింటికి

శ్రీనివాస్ గారికి, పద్మ గారికి, మామ్మగారికి, హాసినికి,

మంగళవారం సాయంత్రం మీరు బంటీని దుప్పట్లో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళాక, తర్వాతి పేషెంటును పిలవడానికి మాకెవరికీ మనసొప్పలేదు. కాసేపు ఊరికే కూర్చుండిపోయాం. ఆ రాత్రే ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు, అందుకే ఈ కార్డు.

పదమూడేళ్ళండీ. నలభై అయిదు రోజుల కుక్కపిల్లని చెప్పుల డబ్బాలో పెట్టుకుని మీరు మొదటి టీకాకి తెచ్చినప్పుడు నేనూ ప్రాక్టీసుకి కొత్తే. సూది వేస్తే కుయ్ మనలేదు గానీ, కాటా మీద నిలబెడితే మాత్రం దానవాయిపేట అంతా వినపడేలా అరిచాడు. చివరిదాకా వాడికి ఆ కాటా అంటే పడలేదు. రాజు మారీ బిస్కెట్ చూపించి బతిమాలితే ముందు కాళ్ళు రెండూ పెట్టి, బిస్కెట్ తినేసి, దిగిపోయేవాడు. ఇక పద్మ గారే ఎత్తుకుని కాటా ఎక్కితే, ఆవిడ బరువు తీసేసి వాడిది రాసుకునేవాళ్ళం. ఆవిడ బరువు పైకి చదవొద్దని నాకు కళ్ళతో సైగ చేసేవారు, అదీ గుర్తుంది.

శ్రీనివాస్ గారూ, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి "ముందే తెచ్చుంటే బతికేవాడా" అన్నారు. ఓదార్పు కోసం కాదు, ఉన్నమాటే చెప్తున్నాను. కిడ్నీ జబ్బు బయటపడేదే ఆలస్యంగా. ముప్పాతిక వంతు పాడయ్యేదాకా కుక్క మామూలుగానే తింటుంది, పాలబ్బాయి మీద మామూలుగానే అరుస్తుంది, రక్త పరీక్షలో క్రియాటినిన్ కూడా దాదాపు అప్పటిదాకా పెద్దగా పెరగదు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడని మామ్మగారు గమనించిన వారంలోనే మీరు తీసుకొచ్చారు. ఆ తర్వాత అయిదు నెలలు, కిటికీ ఊచకి సెలైన్ సీసా కట్టి, రోజు విడిచి రోజు మీరే చర్మం కింద ఎక్కించారు. మొదటిసారి సూది పట్టుకున్నప్పుడు మీ చెయ్యి వణికిన తీరు చూసి, వారం కూడా చెయ్యలేరనుకున్నాను. నాదే తప్పు అంచనా.

పద్మ గారూ, కాగితం మీద సంతకం పెడుతూ "నేనే చంపుతున్నానా డాక్టరు గారూ" అని అడిగారు, నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. కాదండీ. జబ్బు వాడిని రోజుకి కాస్త చొప్పున తీసుకుపోతూనే ఉంది. నోట్లో పుళ్ళు, ఆ వాసన, వాంతులు, మామ్మగారు కలిపిన పెరుగన్నం వైపు కూడా చూడకుండా తల తిప్పేసుకోవడం, ఇవన్నీ మీరు నాకంటే దగ్గరగా చూశారు. ఇంకో వారం ఆగుదామని మీరంటే నేనూ సరే అనేవాణ్ణేమో, కానీ ఆ వారం వాడికి ఉత్త బాధే అయ్యేది. వాడి కోసం ఆ సంతకం పెట్టారు మీరు. నా సొంత కుక్కకి నేనూ పెట్టాను, ఆ పెన్ను ఎంత బరువో తెలుసు.

హాసినీ, నువ్వు రాజు మావయ్యని అడిగావట, ఆఖర్న బంటీ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చాడు కదా, నొప్పి పుట్టిందా అని. లేదమ్మా. మొదటి సూదికే వాడు గాఢంగా నిద్రపోయాడు. రెండోది కూడా మత్తుమందే, బాగా ఎక్కువ ఇస్తాం. నేను స్టెతస్కోపు పెట్టి చూసేసరికే గుండె ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఊపిరి, కండరాలు వాటంతటవే కదలడం వల్ల వచ్చింది, బంటీకి తెలిసి తీసుకున్నది కాదు. కళ్ళు తెరిచే ఉండటం కూడా అంతే, చాలా కుక్కలకి అలాగే ఉంటాయి. నిద్రపోయేదాకా నీ చెయ్యి వాడి చెవి వెనకే ఉంది, వాడికి ఎప్పుడూ ఇష్టమైన చోట.

టీకా గుర్తుచేసే మెసేజ్‌లు ఇక మీ ఫోన్‌కి రావు, ఆ రోజే తీయించేశాను. ఫైలు మాత్రం మా దగ్గరే ఉంటుంది. మంగళవారం బిల్లు ఎంతని అడిగారట, ఏమీ లేదు, ఆ మాట ఎత్తకండి. విప్పని సెలైన్ సీసాలు మిగిలి ఉంటే, మీకు రావాలనిపించినప్పుడు తెచ్చివ్వండి, వీధి కుక్కలకి వాడతాం. తొందరేం లేదు. మెట్లెక్కడం కష్టమనిపిస్తే రాజునే పంపిస్తాను. మామ్మగారు సరిగ్గా భోజనం చేయడం లేదని విన్నాం, కాస్త చూసుకోండి, మొదటి ముద్ద పెట్టే అలవాటు ఆవిడది కదా.

కడియపులంక నర్సరీలో, సన్నజాజి పందిరి కింద పెట్టామని చెప్పారు. మంచి చోటు.

బుధవారం పొద్దున్న ఊడుస్తుంటే బల్ల కింద వాడి మెడపట్టీ మువ్వ దొరికింది. దానికి తెల్ల వెంట్రుకలు నాలుగు చిక్కుకుని ఉన్నాయి, తీయలేదు. అలాగే ఈ కవర్లో పెడుతున్నాం.

మీ డాక్టరు, రాజు, క్లినిక్‌లో అందరం
రాజమహేంద్రవరం