కేస్ ప్రెజెంటేషన్: మోకాలు మెలిపడి వాచిన ఫుట్‌బాల్ ఆటగాడు

నమస్కారం మేడమ్. ఈ అబ్బాయికి 19 ఏళ్లు. కాలేజీ జట్టులో మిడ్‌ఫీల్డర్, బంతి తన్నేది కుడికాలితో. మూడు రోజుల క్రితం మ్యాచ్‌లో కుడి మోకాలు మెలిపడింది. అప్పటి నుంచి వాపు, నొప్పి, కాలు పూర్తిగా చాపలేకపోవడం. ముందరి క్రూసియేట్ లిగమెంట్, అంటే ఏసీఎల్, తెగిందని నా అనుమానం. మెనిస్కస్ కూడా దెబ్బతిందేమో ఇంకా తేలాలి.

పరుగెడుతూ కుడిపాదం నేలకు ఆనించి ఒక్కసారిగా ఎడమవైపు తిరిగాడు. ఎవరూ తగల్లేదు. లోపల ‘టప్’మన్నట్టు అనిపించి కూలబడ్డాడు. లేచి ఆడబోతే మోకాలు పట్టు తప్పింది, ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. వాపు ఎప్పుడు మొదలైందని రెండుసార్లు, వేర్వేరు మాటల్లో అడిగాను. గంటలోపే మోకాలు బిగుసుకుపోయిందన్నాడు. తెల్లారి లేచేసరికి వాచి ఉందని చెప్పి ఉంటే నా ఆలోచన మెనిస్కస్ వైపే వెళ్లేది. గంటలో ఇంత నిండిందంటే అది కీలులో చేరిన రక్తమే అయ్యుండాలి.

మోకాలిచిప్ప పక్కకు జారినట్టు అనిపించలేదు, కనిపించలేదు. జ్వరం లేదు. ఇదే మోకాలికి ఇదివరకు దెబ్బ లేదు. చిన్న గాయానికే ఎక్కువ రక్తం కారడం తనకు గానీ, ఇంట్లో వాళ్లకు గానీ లేదు. రక్తం పలచబడే మందులు వాడడం లేదు. మిగతా హిస్టరీలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

పరీక్షకు వస్తే, కుంటుతూనే అయినా నాలుగు అడుగులు వేయగలిగాడు. చర్మం మీద గాయం లేదు. మోకాలిచిప్ప పై గుంట నిండిపోయింది, పటెల్లర్ ట్యాప్ పాజిటివ్. చాపడంలో చివరి 10 డిగ్రీలు రావడం లేదు, వంచితే 80 దగ్గర ఆగుతోంది. లోపలివైపు జాయింట్ లైన్ మీద నొక్కితే నొప్పి. చిప్ప మీద, ఫిబులా తల మీద నొప్పి లేదు. అప్రిహెన్షన్ టెస్ట్ నెగటివ్. కాలు చాపి ఎత్తగలుగుతున్నాడు కాబట్టి ఎక్స్‌టెన్సర్ మెకానిజం బాగానే ఉంది.

లిగమెంట్లు ముందు ఎడమ మోకాల్లో చూశాను. అతని మామూలు వదులు ఎంతో తెలియకుండా కుడివైపు గురించి మాట్లాడటం కుదరదు. కుడివైపు 25 డిగ్రీల దగ్గర లాక్‌మన్ చేస్తే టిబియా ముందుకు ఎక్కువ జరిగింది, చివర గట్టిగా ఆగడం లేదు, మెత్తగా సాగుతోంది. వెనక్కి జారుడు లేదు. పక్క లిగమెంట్లు 0 దగ్గరా 30 దగ్గరా గట్టిగా ఉన్నాయి. నొప్పి వల్ల పివట్ షిఫ్ట్ చేయలేదు. 90 డిగ్రీలు వంగడం లేదు కాబట్టి యాంటీరియర్ డ్రాయర్, మెక్‌మరే కూడా చేయలేదు. చేసినా వాటి ఫలితాన్ని నమ్మలేం. పాదంలో రెండు పల్స్‌లూ అందుతున్నాయి. బొటనవేలు పైకెత్తగలుగుతున్నాడు, వేళ్ల మధ్య స్పర్శ మామూలుగా ఉంది.

మోకాలు 90 వరకు వంగకపోవడంతో ఒట్టావా నియమాల ప్రకారం ఎక్స్‌రే తీయించాం. ఎముక ఎక్కడా విరగలేదు. టిబియా బయటి అంచున సెగాండ్ ముక్క గానీ, కీలులో ఊడిన ఎముక ముక్క గానీ కనిపించలేదు.

నన్ను ఇబ్బంది పెడుతున్నది ఆ చివరి 10 డిగ్రీలు. రక్తం నిండటం వల్ల, హ్యామ్‌స్ట్రింగ్స్ బిగుసుకోవడం వల్ల అలా ఉండొచ్చు. బకెట్ హ్యాండిల్ మెనిస్కస్ చీలిక మధ్యలో అడ్డుపడి నిజంగానే లాక్ అయి ఉండొచ్చు కూడా. ఈ రోజు చేత్తో చూసి తేల్చలేను. అందుకే ఎమ్మారై తొందరగా కావాలని అడుగుతున్నాను. లాక్ అని తేలితే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. ఏసీఎల్ ఒక్కటే అయితే తొందర లేదు.

ప్లాన్: ఊతకర్రలు, ఐస్, కంప్రెషన్ బ్యాండేజ్, కాలు ఎత్తులో పెట్టడం, నొప్పికి మందు. ఫిజియోథెరపీలో మొదట కాలు పూర్తిగా చాపడం, క్వాడ్రిసెప్స్ బిగించడం. బలవంతంగా మాత్రం చాపించం. వారంలో మళ్లీ చూసి పరీక్షలు తిరిగి చేస్తాం. అప్పటిదాకా ఆట పూర్తిగా బంద్.

(కీలులోని రక్తం నీడిల్‌తో ఎందుకు తీయలేదని అడిగితే:) వాపు నిలకడగా ఉంది, నొప్పి మందులకు తగ్గుతోంది మేడమ్. జ్వరం లేదు, ఇన్ఫెక్షన్ అనుమానం లేదు. బిగువు భరించలేనంతగా ఉంటే తీసేవాణ్ణి. తీసిన రక్తంలో కొవ్వు బొట్లు తేలితే ఎక్స్‌రేలో దొరకని ఎముక విరుపు కోసం వెతకాల్సి వచ్చేది.

(వెంటనే రీకన్‌స్ట్రక్షన్ ఎందుకు వద్దని అడిగితే:) వాచి బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత కీలు బిరుసెక్కే ప్రమాదం ఎక్కువ. వాపు తగ్గి కదలిక తిరిగొచ్చాక చేయడం మేలు. అతనికి మళ్లీ పివటింగ్ ఆటే ఆడాలని ఉంది కాబట్టి రీకన్‌స్ట్రక్షన్ వైపే మొగ్గుతున్నాను. చేసినా కనీసం 9 నెలల ముందు మైదానంలోకి పంపకూడదు. ఈ సీజన్ పోయినట్టేనన్న సంగతి అతనికి ఇంకా చెప్పలేదు. ఎమ్మారై చూశాక మీ ముందే చెప్పాలనుకుంటున్నాను.