మా లెక్కల టీచర్‌కు, పాత విద్యార్థులందరి తరఫున

హెడ్మాస్టరు గారికి, ఉపాధ్యాయులందరికీ, ఇక్కడికొచ్చిన పాత విద్యార్థులకు, పిల్లలకు నమస్కారం. టీచర్, మీకు ప్రత్యేకంగా.

అందరి తరఫున నన్ను మాట్లాడమన్నారు. మంచి మార్కులొచ్చినవాళ్లు ఇంతమంది ఉండగా నేనెందుకు అంటే, "టీచర్‌ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది నువ్వే కదా" అన్నారు. కాదనలేకపోయాను.

తొమ్మిదో తరగతి క్వార్టర్లీలో లెక్కల్లో నాకు వచ్చినవి 100కి 19. పేపర్లు పంచుతూ నాది చివరికి ఉంచారు. అందరి ముందూ చదువుతారేమోనని నాకు ఒకటే టెన్షన్. మీరు బెంచీ దగ్గరికొచ్చి, మెల్లగా, "ఈ 19 ఎక్కడొచ్చాయో ముందు చూసుకో. పోయినవాటి సంగతి రేపు చూద్దాం" అన్నారు. ఇంటికెళ్లి మొదటిసారి నా పేపర్ పూర్తిగా చదివాను. తప్పైన లెక్క మొత్తం మీద మీరు ఎప్పుడూ అడ్డంగా గీత కొట్టలేదు. సరిగ్గా ఏ మెట్టు దగ్గర జారామో ఆ ఒక్క వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో చిన్న సున్నా చుట్టేవారు. పైనున్న వరుసలకు మార్కులు వేసేవారు.

మర్నాడు బోర్డు మీద ఒక చతురస్రం గీశారు. భుజం a + b. లోపల నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. ఒక మూల a², ఎదురు మూల b². "(a + b)² అంటే a² + b² అని రాశావు. మరి మిగిలిన ఈ రెండు దీర్ఘచతురస్రాలు ఎవరు ఎత్తుకుపోయారు?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. 2ab ఎక్కడి నుంచి వస్తుందో ఆ రోజు కళ్లతో చూశాను. నిన్న మా అమ్మాయికి కూడా అదే బొమ్మ గీశాను. గీతలు మీ అంత తిన్నగా రాలేదు.

అన్నీ పొగడ్తలే చెబితే మీరే నమ్మరు. మా ఆటల పీరియడ్లు ఎన్ని లాక్కున్నారో మేమెవరం మర్చిపోలేదు. సిలబస్ అయిపోయాక కూడా లాక్కున్నారు!

బడి వదిలాక కూడా వెనకబడ్డవాళ్లను కూర్చోబెట్టుకుని చెప్పేవారు. అన్నేళ్లూ సాయంత్రాలు మిమ్మల్ని మాకు వదిలేసిన మీ ఇంట్లోవాళ్లకు కూడా ఈ రోజు దండం పెట్టాలి. మీ దగ్గర చదివి లెక్కలు పాఠం చెబుతున్నవాళ్లున్నారు, దుకాణాలు నడుపుతున్నవాళ్లున్నారు, లెక్కలతో ఏ సంబంధమూ లేనివాళ్లూ ఉన్నారు. మార్కులు తక్కువొచ్చిన పిల్లాడితో ఎలా మాట్లాడాలో మాత్రం అందరం మీ దగ్గరే చూశాం. దానికి థాంక్స్ అనే మాట చాలదు టీచర్, అయినా థాంక్స్.

మీకు శాలువా ఎలాగూ కప్పుతారు. మేం ఒక నోట్‌బుక్ తెచ్చాం. పేజీకొకరం చొప్పున, మాకు గుర్తున్న ఒక్కో లెక్క చేసి సంతకం పెట్టాం. ఇదిగో, ఎర్ర పెన్ను కూడా ఉంది. తీరిగ్గా దిద్దండి. ముగ్గురు మళ్లీ 2ab మర్చిపోయారు. కావాలని చేశారనుకుంటారేమో, కాదు టీచర్, నిజంగానే మర్చిపోయారు.