ట్యాగ్ వేస్తే మేడమ్, తీస్తే అక్క

ఆడేవాళ్లకు ముందుగా నాలుగు మాటలు. ఫ్రెషర్లకు ఉద్యోగ ఇంటర్వ్యూ ప్రాక్టీసు కోసం రాసిన ఈ ఐదు స్కిట్లూ బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీ డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఆదివారం పొద్దున జరుగుతాయి. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక లాప్‌టాప్, ఒక ఆఫీసు ట్యాగ్ ఉంటే చాలు. పద్మక్కది చిత్తూరు. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, ఆఫీసులో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేది కూడా తనే. మెడలో ట్యాగ్ ఉన్నంతసేపూ ఆమె మేడమ్, ‘మీరు’ అంటుంది. తీసేస్తే అక్క, ‘నువ్వు’ అంటుంది. చూసేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

అసలు ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది. మనం మాత్రం తెలుగులో ఆడుతున్నాం. చెప్పాల్సిన సంగతి ముందు తెలుగులో తేలితే, ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలతో చెప్పేయొచ్చు. ఇంకో మాట: తప్పు జవాబు చెప్పే పాత్రను ఎవరూ వెటకారంగా ఆడొద్దు. ఊళ్లో అప్పు చేసి పంపితే బస్సు దిగిన పిల్లలు వీళ్లు.

మొదటి స్కిట్: మైసెల్ఫ్ మహేశ్

(మహేశ్, ఆదోని దగ్గర పల్లె. బీటెక్ అయి ఏడాది. చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని వస్తాడు. పద్మ ట్యాగ్ వేసుకుంటుంది.)

మేడమ్: కూర్చోండి. మీ గురించి చెప్పండి.

మహేశ్: (ఒకే ఊపున) మైసెల్ఫ్ మహేశ్ మేడమ్. మా నాన్నగారు రైతు, మా అమ్మగారు గృహిణి, నాకొక చెల్లెలు. టెన్త్‌లో 9.2, ఇంటర్‌లో 91 శాతం, బీటెక్‌లో 7.4. నా బలం హార్డ్ వర్క్. నా బలహీనత, పని పూర్తయ్యేదాకా నిద్రపోను. హాబీలు క్రికెట్ ఆడటం, పాటలు వినడం. అంతే మేడమ్.

(పద్మ ట్యాగ్ తీసి ఒళ్లో పెట్టుకుంటుంది.)

అక్క: మార్కులన్నీ నా చేతిలో కాగితం మీదే ఉన్నాయి కదా మహేశ్. మళ్లీ చదివి వినిపిస్తే నాకు కొత్తగా ఏం తెలిసింది?

మహేశ్: అందరూ ఇలాగే చెప్పమన్నారక్కా. నాన్న రైతు అని చెప్పకూడదా?

అక్క: ఎందుకు చెప్పకూడదు? నిండుగా చెప్పు. కానీ అక్కడే ఆపేశావు. నాన్న ఏం పండిస్తారు?

మహేశ్: పత్తి. ఆదోని యార్డుకు తీసుకెళ్తాం.

అక్క: నీ ప్రాజెక్టు దేని మీద?

మహేశ్: పత్తి ధరల మీదేక్కా. ప్రభుత్వ సైటు అగ్‌మార్క్‌నెట్‌లో రోజూ పెట్టే ధరలు తీసుకుని చూపించే వెబ్‌సైట్.

అక్క: మరి ఆ రెండూ కలిపి చెప్పడానికేం? ఒక్క నిమిషంలో చెప్పు. (ట్యాగ్ వేసుకుంటుంది.) మీ గురించి చెప్పండి.

మహేశ్: (గుక్క తిప్పుకుని, నెమ్మదిగా) నా పేరు మహేశ్. కిందటేడు కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేశాను. మా నాన్న పత్తి రైతు. ఆదోని యార్డుకు వెళ్లాక గానీ ఆ రోజు ధర ఎంతో ఆయనకు తెలిసేది కాదు. అందుకే నా ఫైనలియర్ ప్రాజెక్టులో పత్తి ధరలు రోజువారీ చూపించే వెబ్‌సైట్ చేశాం. డేటాబేస్ నేను చూశాను. పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చు. డేటా మీద పనిచేసే ఉద్యోగం కావాలని ఇక్కడికి వచ్చాను.

మేడమ్: ఆ డేటాబేస్ గురించే అడుగుతాను.

(కెమెరా మహేశ్ చేతుల మీద. బిగించిన పిడికిలి విప్పుతాడు.)

రెండో స్కిట్: అందరం కలిసి చేశాం

(అదే చోటు. ఈ స్కిట్‌ను తొందరపడి ఆడొద్దు. ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు నడిచేది ప్రాజెక్టు ముచ్చటే, ఎక్కువమంది తడబడేదీ అక్కడే.)

మేడమ్: ప్రాజెక్టులో మీరు చేసింది ఏమిటి?

మహేశ్: నలుగురం కలిసి చేశాం మేడమ్. ముందు రిక్వైర్‌మెంట్స్ తీసుకున్నాం, తర్వాత డిజైన్ చేశాం, తర్వాత కోడింగ్, తర్వాత టెస్టింగ్...

మేడమ్: మీరు?

మహేశ్: అంటే... అన్నీ అందరం చూశాం మేడమ్.

(పద్మ ట్యాగ్ తీస్తుంది.)

అక్క: స్నేహితుల పేరు దాచేస్తున్నట్టు అనిపిస్తోందా, ‘నేను’ అనడానికి?

మహేశ్: గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందక్కా.

అక్క: నీ పని నువ్వు చెప్పుకోవడం గొప్పలు కాదు. నేను జీతమిచ్చి తీసుకునేది నలుగురిని కాదు, నిన్ను. సరే, ఆ పనిలో నిన్ను బాగా ఏడిపించింది ఏంటి? రాత్రి కూర్చుని సరిచేసింది ఏదైనా ఉందా?

మహేశ్: ఉందక్కా. సగటు ధర తప్పొచ్చేది. యార్డులో ఏడు వేలు పలికితే మా సైటులో ఆరు వేలు కనిపించేది. నాన్నే ఫోన్ చేసి, మీ లెక్క తప్పురా అన్నాడు.

అక్క: (ముందుకు వంగి) ఇది దాచుకుని రిక్వైర్‌మెంట్స్, డిజైన్ అంటావేంట్రా! (ట్యాగ్ వేసుకుంటుంది.) ఆ తప్పు ఎలా పట్టుకున్నారో చెప్పండి.

మహేశ్: యార్డు సెలవు రోజు ధర ఉండదు మేడమ్. ఆ ఖాళీ గడిలో మా ప్రోగ్రాం సున్నా రాసేది. ఆరు రోజులు 7,000 చొప్పున, ఒక రోజు సున్నా. మొత్తం 42,000ని ఏడుతో భాగిస్తే 6,000 వచ్చేది. ముందు నా క్వెరీ తప్పనుకున్నాను. రెండు రోజులు దాన్నే మార్చి మార్చి చూశాను. చివరికి టేబుల్ తెరిచి వరుసలన్నీ చదివితే సున్నా కనిపించింది.

(లాప్‌టాప్ తెర కెమెరా వైపు.)

```sql
UPDATE cotton_prices SET price = NULL WHERE price = 0;
SELECT AVG(price) FROM cotton_prices
WHERE market = 'Adoni';
```

మహేశ్: `AVG` సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది, `NULL`ను వదిలేస్తుంది. అందుకే పాత సున్నాలన్నీ `NULL` చేశాను. కొత్తగా సున్నా పడకుండా ప్రోగ్రాం కూడా మార్చాను. సగటు 7,000కి వచ్చింది. సైటు పేజీలు మాత్రం నా స్నేహితులు చేశారు, వాటి గురించి నాకు లోతుగా తెలియదు.

(పద్మ రాసుకుంటుంది. చప్పుడంతా ఆగి పెన్ను కదిలే శబ్దం ఒక్కటే వినాలి.)

మూడో స్కిట్: తెలియనిది అడిగితే

(శిరీష, హిందూపురం. బట్టీ బాగా పడుతుంది, ఆ సంగతి తనకూ తెలుసు.)

మేడమ్: ఉద్యోగుల టేబుల్లో రెండో పెద్ద జీతం తీయండి.

శిరీష: (ప్రశ్న పూర్తికాకముందే) ఆర్డర్ బై శాలరీ డిసెండింగ్, లిమిట్ 1, ఆఫ్‌సెట్ 1 మేడమ్!

మేడమ్: జీతాలు 50, 50, 40 వేలు అనుకోండి. మీ జవాబు ఎంత ఇస్తుంది?

శిరీష: (ఆగిపోతుంది) అది... ఆప్టిమైజేషన్ మీద ఆధారపడి ఉంటుంది మేడమ్. ఇండెక్స్ పెడితే సరైనది వస్తుంది.

(ట్యాగ్ తీస్తుంది.)

అక్క: శిరీషా, ఆ చివరి రెండు మాటలు లేకపోతే నీకు ఇంకా మార్కులుండేవి. తెలియకపోవడం దగ్గర ఎవరూ నిన్ను తీసేయరు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే, ఇంతకుముందు నువ్వు చెప్పిన నిజాలు కూడా అనుమానంగా కనిపిస్తాయి.

శిరీష: మౌనంగా ఉంటే ఏమీ రాదనుకుంటారని భయమక్కా.

అక్క: మౌనంగా ఎందుకు? నోటితో ఆలోచించు. కాగితం తీసుకో. (ట్యాగ్.)

శిరీష: (కాగితం మీద 50, 50, 40 రాస్తూ) నా క్వెరీ రెండో వరుస తీస్తుంది, అది కూడా 50. మీరడిగింది రెండో వరుస కాదు, రెండో పెద్ద జీతం. అంటే ముందు అన్నింటికన్నా పెద్దది తెలియాలి, దానికన్నా తక్కువగా ఉన్నవాటిలో పెద్దది కావాలి. ఇలా రాస్తాను.

```sql
SELECT MAX(salary) FROM employees
WHERE salary < (SELECT MAX(salary) FROM employees);
```

మేడమ్: మరి ఐదో పెద్ద జీతం అడిగితే?

శిరీష: ఇదే పద్ధతిలో రాస్తే క్వెరీలో క్వెరీ పెట్టుకుంటూ పోవాలి, బాగుండదు. `DENSE_RANK` అని ఒకటుందని చదివాను మేడమ్, నేను వాడలేదు. ఇవాళ రాత్రి రాసి చూస్తాను.

మేడమ్: మంచిది.

నాలుగో స్కిట్: రెండేళ్ల కాగితం

(సురేశ్, ఒంగోలు. డిగ్రీ అయి రెండేళ్లు. ఇందులో నవ్వు వద్దు. పద్మ ట్యాగ్ లేకుండానే మొదలవుతుంది.)

సురేశ్: అక్కా, బ్రిడ్జి దగ్గర ఒకతను రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తానన్నాడు. డబ్బులు సగం ఇప్పుడు, సగం ఉద్యోగం వచ్చాక. గ్యాప్ ఉంటే ఎవరూ పిలవట్లేదు కదా.

(పద్మ మాట్లాడకుండా ట్యాగ్ వేసుకుంటుంది.)

మేడమ్: రెండేళ్లు పనిచేశారన్నమాట. రిలీజ్ రోజు రాత్రి మీ పని ఏముండేది?

సురేశ్: టీమ్‌కి... సపోర్ట్ చేసేవాణ్ణి.

మేడమ్: ఏదైనా చెడిపోతే ముందు ఎవరికి ఫోన్ చేసేవారు?

(సురేశ్ తల దించుకుంటాడు.)

మేడమ్: మీ యూఏఎన్ నంబర్ ఇవ్వండి. పీఎఫ్ సర్వీసు హిస్టరీ చూస్తాం.

సురేశ్: చాలక్కా.

(ట్యాగ్ తీస్తుంది.)

అక్క: ఇక్కడ నేనడిగాను కాబట్టి సరిపోయింది. ఉద్యోగంలో చేరాక ఆరు నెలలకు వెరిఫికేషన్‌లో బయటపడితే అదే రోజు పంపించేస్తారు. ఆ డబ్బూ పోతుంది, పేరూ పోతుంది. రెండేళ్లు ఏం చేశావురా నిజంగా?

సురేశ్: నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. మా మందుల షాపు నేనే చూసుకున్నా. ఏముంది చెప్పడానికి?

అక్క: షాపులో లెక్కలు ఎవరు చూశారు?

సురేశ్: నేనే. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులు ముందే తెలిసేలా ఎక్సెల్‌లో షీట్ చేశా. అవి గడువులోగా కంపెనీకి తిప్పి పంపకపోతే నష్టం మాదే.

అక్క: అదే చెప్పు నాకు. (ట్యాగ్.) 2 సంవత్సరాల గ్యాప్ ఉంది మీకు?

సురేశ్: (సూటిగా చూస్తూ) అవును మేడమ్. నాన్నగారికి ఆపరేషన్ అయితే మా మందుల షాపు నేను నడిపాను. ఎక్స్‌పైరీ తేదీల కోసం ఎక్సెల్ షీట్ తయారుచేశాను, ఇప్పటికీ అదే వాడుతున్నారు. నాన్న కోలుకున్నారు. నాలుగు నెలల నుంచి ఇక్కడే ఉండి టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. ఆ షీట్ చూపించమంటారా?

ఐదో స్కిట్: మీరేమైనా అడుగుతారా

(చిన్న స్కిట్. మళ్లీ శిరీష. సురేశ్ పక్కనే ఉంటాడు.)

మేడమ్: జీతం ఎంత ఆశిస్తున్నారు?

శిరీష: ఎంతిచ్చినా పర్లేదు మేడమ్.

(ట్యాగ్ తీయకుండా కనుబొమ్మలు ఎగరేస్తుంది. శిరీష నాలుక కరుచుకుని సర్దుకుంటుంది.)

శిరీష: ఈ ఉద్యోగానికి ఫ్రెషర్లకు మీరు ఎంత ఇస్తున్నారో చెబితే ఆలోచించి చెబుతాను మేడమ్. సీటీసీలో పీఎఫ్, వేరియబుల్ పోగా నెలకు చేతికి ఎంత వస్తుందో కూడా తెలుసుకోవాలనుంది.

మేడమ్: అడగాల్సిన మాటే. ఇంకేమైనా అడుగుతారా?

శిరీష: బాండ్ ఏమైనా ఉందా? ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? అలాగే మొదటి ఆరు నెలలు నేను చేసే పని ఏమిటి?

(పద్మ ట్యాగ్ తీసి జేబులో పెట్టుకుంటుంది.)

అక్క: మొన్న నీకు ఫోన్ చేసి లాప్‌టాప్ డిపాజిట్ కట్టమన్నవాళ్లను కూడా ఇలాగే అడిగావా?

శిరీష: అడిగానక్కా. ఆఫీసు ఎక్కడ, నేనే వస్తానంటే ఫోన్ పెట్టేశారు.

అక్క: ఉద్యోగమిచ్చేవాళ్లు నీ దగ్గర డబ్బెందుకు అడుగుతారు! పదండి, కింద మెస్ మూసేస్తారు. సురేశూ, ఆ ఎక్సెల్ షీట్ తిన్నాక నాకు పంపు.

(ముగ్గురూ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి మెట్లు దిగుతారు. కెమెరా కాగితం మీద శిరీష రాసిన 50, 50, 40 దగ్గర ఆగుతుంది.)