సెమిస్టర్ మొదలవక ముందే సీటు వదులుకున్నందుకు ఫీజు తిరిగి ఇప్పించమని రిజిస్ట్రార్ గారికి వినతి

తేదీ: 19 ఆగస్టు 2025

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి,

విషయం: ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ మొదటి సెమిస్టర్, అప్లికేషన్ నంబర్ 25104738. క్లాసులు మొదలవక ముందే అడ్మిషన్ రద్దు చేసుకున్నందుకు కట్టిన ఫీజు తిరిగి ఇప్పించడం గురించి.

నమస్కారం సార్. నా పేరు శ్రావణి. ఈ ఏడాది మీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి సీటు వచ్చింది, జూన్‌లోనే మొత్తం ఫీజు కట్టేశాం. తర్వాత జులై రెండో వారంలో ఇంకో యూనివర్సిటీలో నేను మొదటి నుంచీ కోరుకున్న కోర్సులో, ట్యూషన్ ఫీజు పూర్తి మాఫీతో సీటు వచ్చింది. మా ఇంటి పరిస్థితికి అది వదులుకునే అవకాశం కాదు. అందుకే మీ దగ్గరి సీటు వదులుకుంటున్నానని జులై 18న అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్ పెట్టాను, అదే రోజు సంతకం చేసిన విత్‌డ్రాయల్ ఫారం స్కాన్ చేసి జతచేశాను. 21వ తేదీన ఆఫీసు నుంచి "మీ విత్‌డ్రాయల్ రిక్వెస్ట్ అందింది, సీటు వెయిటింగ్ లిస్టుకు ఇస్తున్నాం" అని జవాబు వచ్చింది. క్లాసులు మొదలైంది ఆగస్టు 4న. అంటే నేను చెప్పిందీ, మీకు అందిందీ, మీరు సీటు విడుదల చేసిందీ అన్నీ సెమిస్టర్‌కు ముందే జరిగిపోయాయి.

సమస్య ఎక్కడ వచ్చిందంటే, స్టూడెంట్ పోర్టల్‌లో నా విత్‌డ్రాయల్ తేదీ ఆగస్టు 6 అని పడింది. ఫారం ఆ రోజు సిస్టమ్‌లోకి ఎక్కించారట. దాన్నే పట్టుకుని అకౌంట్స్ సెక్షన్ వాళ్లు, క్లాసులు మొదలయ్యాక తప్పుకున్నట్టు లెక్కగట్టి, ట్యూషన్ ఫీజులో సగం, దానికి డిపాజిట్లు కలిపి 44,000 మాత్రమే వస్తుందని ఆగస్టు 12న మెయిల్ పంపారు. ఇది సరికాదని, దీన్ని మీరే చూసి సరిచేయాలని అడగడానికే ఈ ఉత్తరం.

మీ ప్రాస్పెక్టస్‌లో ఫీజు వాపసు నిబంధన చాలా స్పష్టంగా ఉంది. సెమిస్టర్ మొదటి రోజుకు ముందు రాతపూర్వకంగా తెలియజేసినవాళ్లకు అడ్మిషన్ ప్రాసెసింగ్ ఫీజు మినహా మొత్తం వెనక్కి ఇస్తామని, మొదటి రెండు వారాల్లో తప్పుకుంటే ట్యూషన్‌లో సగం, డిపాజిట్లు మాత్రమే ఇస్తామని రాశారు. అక్కడ ఉన్న మాట "తెలియజేసినవాళ్లకు" అనే, "ఫారం ప్రాసెస్ అయినవాళ్లకు" అని కాదు. విద్యార్థి చేతిలో ఉండేది చెప్పడం వరకే కదా సార్. ఆ కాగితం ఆఫీసులో ఏ రోజు ఎవరి టేబుల్ మీదికి వెళ్తుంది, ఎప్పుడు సిస్టమ్‌లో ఎక్కుతుంది అన్నది మా చేతిలో లేదు. అడ్మిషన్ల సీజన్‌లో ఆఫీసులో ఎంత పని ఉంటుందో నాకు తెలుసు, ఆలస్యమైందని ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ ఆ ఆలస్యం ఖర్చు మా ఇంటి మీద పడటం న్యాయం కాదని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

డబ్బు వివరాలు రసీదుల ప్రకారం ఇవి. జూన్ 25న కట్టింది 82,000. అందులో ట్యూషన్ 68,000, ల్యాబ్ 6,500, లైబ్రరీ 1,500, కాషన్ డిపాజిట్ 5,000, అడ్మిషన్ ప్రాసెసింగ్ 1,000. జూన్ 30న హాస్టల్‌కు విడిగా 29,000 కట్టాం, అందులో మొదటి టర్మ్ అద్దె 24,000, డిపాజిట్ 5,000. మొత్తం 1,11,000. ప్రాసెసింగ్ ఫీజు 1,000 వెనక్కి రాదని తెలుసు, అది అడగడం లేదు. మిగతా 1,10,000 నాకు రావాలి. అకౌంట్స్ వాళ్లు చెప్పిన దానికీ దీనికీ తేడా 66,000. మాకు అది చిన్న మొత్తం కాదు, నాన్న ఈ ఫీజు కోసం అప్పు తెచ్చారు, దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంది.

హాస్టల్ అద్దె గురించి విడిగా ఒక మాట. నాకు గది కేటాయించలేదు, తాళం చెవి తీసుకోలేదు, హాస్టల్ రిజిస్టర్‌లో నా సంతకం కూడా ఉండదు. అయినా ఆగస్టు 12 మెయిల్‌లో అద్దె మొత్తం పట్టుకున్నారు. అలాగే ల్యాబ్, లైబ్రరీ కూడా. ఐడీ కార్డే ఇవ్వలేదు, లైబ్రరీ ఖాతా తెరవలేదు, ఒక్క క్లాసుకూ హాజరు కాలేదు. నో డ్యూస్ కావాలంటే ఆయా విభాగాల నుంచి నేరుగా మీ ఆఫీసే తెప్పించుకోవచ్చు, నా పేరు మీద అక్కడ ఏ బాకీ ఉండే అవకాశమే లేదు.

ఇంకో విషయం, ఇది ముందే చెప్పకపోతే మళ్లీ అక్కడ ఆగుతుందని రాస్తున్నాను. జూన్ 25 నాటి ఫీజు నాన్న బ్యాంకు ఖాతా నుంచి వెళ్లింది, హాస్టల్ డబ్బు మాత్రం మా బాబాయి కార్డుతో కట్టాం. ఆ కార్డు ఇప్పుడు వాడకంలో లేదు, బాబాయి దాన్ని మూసేశారు. కట్టిన దారిలోనే వెనక్కి పంపితే ఆ 29,000 బ్యాంకు దగ్గర ఇరుక్కుపోయి, దాని కోసం మళ్లీ మీకూ మాకూ ఉత్తరాలే మిగులుతాయి. అందుకని మొత్తం నాన్న ఖాతాకే పంపమని కోరుతున్నాను. దీనికి అభ్యంతరం లేదని బాబాయి సంతకంతో ఒక లేఖ, నాన్న ఖాతాకు చెందిన రద్దు చేసిన చెక్కు, రెండూ జతచేశాను.

సర్టిఫికెట్ల సంగతి కూడా ఉంది సార్. వెరిఫికేషన్ కోసం ఇచ్చిన డిగ్రీ మార్కుల మెమోలు, టీసీ ఒరిజినల్స్ ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. రీఫండ్ ఫైల్ తేలాక ఇస్తామని కౌంటర్‌లో అన్నారు. కొత్త యూనివర్సిటీలో ఆగస్టు 29లోపు ఒరిజినల్స్ చూపించాలి, లేకపోతే అక్కడి సీటు కూడా పోతుంది. డబ్బు లెక్క తేలడానికి కొంత టైమ్ పడుతుందంటే అర్థం చేసుకోగలను, కానీ ఆ రెండింటినీ కలిపి ముడిపెట్టొద్దు. సర్టిఫికెట్లు ముందుగా విడుదల చేయించండి, ఇది నా మొదటి విన్నపం అనుకోండి.

కాబట్టి నేను అడిగేది ఇదే: విత్‌డ్రాయల్ తేదీని జులై 18గా సరిచేయించి, 1,10,000 నాన్న ఖాతాకు పంపించేలా అకౌంట్స్ సెక్షన్‌కు ఆదేశం ఇవ్వండి. కుదిరితే సెప్టెంబర్ 5 లోపు వస్తే చాలా మేలు, కొత్త చోట హాస్టల్ ఫీజుకు అదే ఆఖరు తేదీ. ఒకవేళ ఏదైనా మొత్తం తగ్గించాల్సిందే అని మీరు నిర్ణయిస్తే, ఏ పద్దు కింద, ఏ నిబంధన ప్రకారం తగ్గించారో రాతపూర్వకంగా తెలపండి. అప్పుడు ఫీజుల ఫిర్యాదుల కమిటీకి వెళ్లాలో వద్దో మేం నిర్ణయించుకోగలం.

జులై 18 నాటి మెయిల్, విత్‌డ్రాయల్ ఫారం, 21వ తేదీన మీ ఆఫీసు ఇచ్చిన జవాబు, రెండు ఫీజు రసీదులు, ప్రాస్పెక్టస్‌లో వాపసు నిబంధన ఉన్న పేజీ, ఆగస్టు 12 నాటి అకౌంట్స్ మెయిల్ కాపీలు దీనితో ఉన్నాయి. ఈ ఉత్తరం అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేసి ఒక కాపీ ఇప్పించండి. ఇంకేమైనా కాగితం కావాలంటే అప్లికేషన్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయించండి, మర్నాడే తెచ్చిస్తాను.

కృతజ్ఞతలతో,

ఇట్లు
శ్రావణి
అప్లికేషన్ నంబర్ 25104738
ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్, 2025 అడ్మిషన్

కాపీ: అకౌంట్స్ ఆఫీసర్ గారికి, అడ్మిషన్ల డైరెక్టర్ గారికి