జీతం ఎవరిస్తారు, తాళాలు ఎవరి దగ్గరుంటాయి? లౌకిక రాజ్యాలు, రాజ్యమతాలు: చర్చా పాఠం

ఈ పాఠం డిగ్రీ ఫైనలియర్ పొలిటికల్ సైన్స్ వాళ్లకీ, మతాల అధ్యయనం పేపర్ తీసుకున్న వాళ్లకీ కలిపి. రెండు పీరియడ్లు. గురువారం చదువుతాం, శనివారం వాదించుకుంటాం.

ముందు ఒక పని చేయండి. నోట్సు తీసి "సెక్యులర్ దేశం అంటే..." అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాయండి. ఎవరికీ చూపించొద్దు, శనివారం దాకా కొట్టేయొద్దు. పోయినేడు ఇదే పని చేయిస్తే చాలామంది "ప్రభుత్వానికి మతంతో ఏ సంబంధం లేని దేశం" అని రాశారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మరి మా నాన్న జీతం కాగితం మీద సంతకం దేవాదాయ శాఖ ఈవోగారిది కదా సార్" అంది. వాళ్ల నాన్న అర్చకులు. నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు, అందుకే ఈ పాఠం తిరిగి రాశాను.

పాఠ్యపుస్తకాల్లో దేశాలను రెండు గూళ్లలో పెడతారు, లౌకిక రాజ్యాలు ఒకవైపు, రాజ్యమతం ఉన్నవి ఇంకోవైపు. పరీక్షకి అది చాలు. కానీ రాజ్యాంగంలో రాసుకున్న మాటని బట్టి ఆ దేశంలో నిజంగా ఏం జరుగుతుందో తెలియదు. అందుకని ప్రతి దేశాన్నీ మూడు ప్రశ్నలు అడుగుదాం. పూజారికి, పాస్టరుకి, ఇమాముకి జీతం ఎవరిస్తారు? వాళ్లని ఎవరు నియమిస్తారు? గుడి, చర్చి, మసీదు తాళాలు ఎవరి దగ్గరుంటాయి, అంటే ఆస్తి ఎవరిది?

ఫ్రాన్స్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే "కఠినమైన సెక్యులరిజం" అనగానే అందరూ దాన్నే చూపిస్తారు. 1905 డిసెంబర్ 9 నాటి చట్టం ప్రకారం రిపబ్లిక్ ఏ మతాన్నీ గుర్తించదు, ఏ మతానికీ జీతాలివ్వదు, సాయం చేయదు. 2004లో ఇంకో చట్టం వచ్చి ప్రభుత్వ బడుల్లో పిల్లలు కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలు వేసుకోకూడదంది. హిజాబ్, యూదుల టోపీ, పెద్ద సిలువ, అన్నీ దాని కిందికే వస్తాయి. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఇప్పుడు మన మూడు ప్రశ్నలు అడగండి. 1905కి ముందు కట్టిన కెథడ్రల్స్ ప్రభుత్వ ఆస్తి, ఊళ్లలోని పాత చర్చిలు ఆయా పురపాలక సంఘాలవి. 2019 ఏప్రిల్‌లో తగలబడిన నోత్రదామ్ భవనం యజమాని కూడా ఫ్రెంచి ప్రభుత్వమే, చర్చికి దాన్ని వాడుకునే హక్కు మాత్రం ఉంది. తాళాల లెక్క ఇదీ.

ఇంతకన్నా పెద్ద వింత అల్సాస్, మొజెల్ ప్రాంతంలో ఉంది. 1905లో ఆ చట్టం చేసినప్పుడు ఆ ప్రాంతం జర్మనీ చేతిలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తిరిగి ఫ్రాన్స్‌కి వచ్చింది గానీ 1905 చట్టం అక్కడికి రానేలేదు. 1801లో నెపోలియన్ పోపుతో కుదుర్చుకున్న ఒప్పందమే ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ కాథలిక్ ఫాదర్లకు, ప్రొటెస్టంట్ పాస్టర్లకు, యూదు రబ్బీలకు జీతాలు ప్రభుత్వ ఖజానా నుంచే. స్ట్రాస్‌బర్గ్, మెట్జ్ బిషప్పుల నియామక ఉత్తర్వు మీద సంతకం ఫ్రాన్స్ అధ్యక్షుడిది! ఈ ఏర్పాటు రూపుదిద్దుకున్న రోజుల్లో అక్కడ ముస్లింలు పెద్దగా లేరు కాబట్టి ఇందులో ఇమాములు లేరు. 2013లో రాజ్యాంగ మండలి ఈ పద్ధతి చెల్లుతుందనే చెప్పింది. మరి ఫ్రాన్స్ ఏ గూట్లో ఉన్నట్టు?

ఇప్పుడు ఇంగ్లండ్. అక్కడ అధికారిక మతం ఉంది, ఆంగ్లికన్ చర్చికి రాజే సుప్రీం గవర్నర్, 26 మంది బిషప్పులు ప్రభువుల సభలో కూర్చుంటారు. ప్రధాని సలహా మీద బిషప్పుల్ని రాజు నియమిస్తాడు. 2022 నుంచి 2024 దాకా ఆ ప్రధాని కుర్చీలో హిందువైన రిషి సునాక్ ఉన్నారు, 2023లో చార్లెస్ పట్టాభిషేకంలో బైబిల్ భాగం చదివింది కూడా ఆయనే. ఇంత రాజ్యమతం ఉండి, చర్చి వాళ్ల జీతాలు ఖజానా నుంచి రావు, చర్చి సొంత ఆస్తులు, కానుకల మీద నడుస్తుంది. అంటే రాజ్యమతం ఉన్న దేశంలో ఫాదరుకి ప్రభుత్వ జీతం లేదు, లౌకిక రాజ్యంలోని ఒక మూల ఉంది. నాకు ఈ జంటని పక్కపక్కన పెట్టి చూపించడం భలే ఇష్టం.

జర్మనీలో ఇంకో రకం. రాజ్యమతం లేదని రాజ్యాంగం చెబుతుంది, కానీ చర్చి సభ్యుల దగ్గర ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను వసూలు చేసి చర్చికి చేర్చేది పన్నుల శాఖే. అక్కడికి ఉద్యోగానికి వెళ్లిన మన పిల్లలు అడ్రసు నమోదు ఫారంలో మతం గడి చూసి "ఇదేంటి, వీళ్లు మనల్ని ఎందుకడుగుతున్నారు" అని ఇంటికి ఫోన్ చేసేది అందుకే. పన్ను హిందువులకి పడదు, కాథలిక్ అనో ప్రొటెస్టంట్ అనో రాసినవాళ్లకి పడుతుంది.

టర్కీ మీద ఎక్కువ సమయం పెట్టను గానీ దాన్ని వదిలితే పాఠం కుంటుతుంది. 1924 మార్చిలో ఖిలాఫత్‌ని రద్దు చేసిన రోజే మత వ్యవహారాల డైరెక్టరేట్ పెట్టారు, దాన్నే దియానెత్ అంటారు. 1937లో లౌకికత్వం రాజ్యాంగంలోకొచ్చింది. ఇమాములు ప్రభుత్వ ఉద్యోగులు. మతాన్ని రాజ్యం నుంచి వేరు చేయడం కాదు, రాజ్యం అదుపులో పెట్టుకోవడం. దీన్ని లౌకికత్వం అనొచ్చా అని అడిగితే నేను అనకూడదంటాను, మీలో ఎవరైనా అనొచ్చని వాదించగలిగితే సంతోషిస్తాను. అయితే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి: అక్కడి మైనారిటీ శాఖ అయిన అలెవీల ప్రార్థనా మందిరాలకి మసీదులతో సమానమైన హోదా ఎందుకు రాలేదు?

అమెరికాలో 1791 నాటి మొదటి సవరణ రాజ్యమతాన్ని పెట్టనివ్వదు. 1962లో న్యూయార్క్ బడుల్లో అధికారులు రాసిన ప్రార్థన చదివించడం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ అక్కడి పార్లమెంటులో ప్రార్థన చేయించే చాప్లిన్‌కి 1789 నుంచీ ప్రభుత్వ జీతమే. శ్రీలంక రాజ్యాంగం తొమ్మిదో ఆర్టికల్ బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చి, మిగతా మతాలకి స్వేచ్ఛనిస్తుంది. 1988లో ఇస్లాంని రాజ్యమతం చేసిన బంగ్లాదేశ్, 2011లో దాన్ని అలాగే ఉంచి పక్కనే లౌకికత్వాన్నీ మళ్లీ రాసుకుంది. రెండూ ఒకే పుస్తకంలో. నేపాల్ 2015 రాజ్యాంగంలో "లౌకిక" అన్న మాటకి వివరణ ఇస్తూ సనాతనంగా వస్తున్న మతాన్ని కాపాడటం కూడా అందులో భాగమే అన్నారు. ఈ చివరి మూడింటిలో ఒకటి ఎంచుకుని మూడు ప్రశ్నలూ మీరే అడిగి చూడండి.

ఇక మన ఇంటికొద్దాం. "సెక్యులర్" అన్న మాట ప్రవేశికలోకి 1976లో 42వ సవరణతో వచ్చింది. అంతకుముందు, 1948లోనే కె.టి. షా ఆ మాట చేర్చమని రాజ్యాంగ సభలో అడిగారు, అంబేడ్కర్ వద్దన్నారు, అది వీగిపోయింది. మాట లేకపోయినా 25 నుంచి 28 దాకా ఆర్టికల్స్ మొదటినుంచీ ఉన్నాయి. 27వది చూడండి: ఫలానా మతాన్ని ప్రోత్సహించడానికే కేటాయించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదు. 28వది: పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదు. మతం గురించి చదువుకోవచ్చు, మతాన్ని బోధించకూడదు. మనం ఈ క్లాసులో కూర్చుంది ఆ రెంటి మధ్య గీత మీదే.

తిరుమల కథ తెలియకుండా మన దగ్గరి సెక్యులరిజం అర్థం కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ గుడి లెక్కలు చూసింది ఈస్టిండియా కంపెనీ దొరలు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన నడపడమేంటని ఇంగ్లండ్‌లో మిషనరీలు గోల చేశారు. చివరికి 1843లో గుడిని హథీరాంజీ మఠం మహంతులకి అప్పగించి కంపెనీ తప్పుకుంది. మహంతుల పాలన మీద ఫిర్యాదులొచ్చి, 1930ల మొదట్లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి కమిటీ పెట్టింది, ఆ కమిటీ నుంచే నేటి టీటీడీ పెరిగింది. ఇవాళ బోర్డుని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. ప్రభుత్వం ఒకసారి గుడి వదిలేసి వెళ్లింది, మళ్లీ రావాల్సి వచ్చింది. గుళ్లని ప్రభుత్వం నుంచి విడిపించాలనే వాళ్లూ, ప్రభుత్వం చేతిలోనే ఉండాలనే వాళ్లూ ఇద్దరూ 1843నీ 1933నీ కలిపి చదవాలి. ఒక్కటే చదివితే వాదన బాగుంటుంది గానీ నిజం సగమే ఉంటుంది.

1987లో ఆంధ్రప్రదేశ్ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని, మిరాసీని రద్దు చేసింది. 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూ గీసిన గీత ఇది: అర్చకుణ్ణి నియమించడం లౌకిక విషయం, ఆయన చేసే పూజ మత విషయం. నాకు ఈ గీత సగం నచ్చుతుంది, సగం నవ్వొస్తుంది. పూజారి ఎవరన్నది పూజలో భాగం కాదా? అలాగని ఆ పదవి కొన్ని కుటుంబాల సొత్తుగానే ఉండిపోవాలా? శనివారం ఈ రెండు ప్రశ్నల్లో ఒక్కదానికే జవాబు చెప్పి తప్పించుకునే వాళ్లని నేను వదలను.

ఆ అమ్మాయి ప్రశ్నకి తిరిగొస్తే, గుళ్లలో జీతాలకి మూలం చాలావరకు గుడి ఆదాయమే. డబ్బు దేవుడిది, సంతకం ప్రభుత్వానిది. ఇమాములకి, మౌజన్లకి రెండు రాష్ట్రాల్లోనూ, పాస్టర్లకి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం గౌరవ వేతనం ప్రకటించింది, అది ఖజానా డబ్బు. దీన్ని పట్టుకుని "చూశారా, మా గుళ్లమీద అదుపు, వాళ్లకి కానుకలు" అని ఒకరు, "గుడి ఉత్సవాలకి ప్రభుత్వం చేసే ఖర్చు మాటేంటి, తెలంగాణలో బోనాలు, బతుకమ్మ రాష్ట్ర పండగలే కదా" అని ఇంకొకరు అంటారు. రెండు వాదనలూ నిజమైన లెక్కల మీదే నిలబడ్డాయి. 27వ ఆర్టికల్‌ని ఈ రెంటికీ ఒకే తూకంతో వర్తింపజేసి చూపించండి, అది మీ హోంవర్క్.

శనివారానికి ఒక ఉదంతం. ప్రభుత్వ జూనియర్ కాలేజీ, కార్తీకమాసం. ఒక కుర్రాడు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా వచ్చాడు. ఒకమ్మాయి హిజాబ్‌తో వచ్చింది. ఇంకో అబ్బాయి యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాడు, జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడతాడు గానీ పాడడు. ప్రిన్సిపాల్ యూనిఫాం రూలు తీశారు. నలుగురేసి జట్లు కట్టండి: ఒక జట్టు పారిస్ నుంచి, ఒకటి లండన్ నుంచి, ఒకటి అంకారా నుంచి, ఒకటి మన రాజ్యాంగం నుంచి తీర్పు చెప్పాలి. మన జట్టుకి రెండు ఆధారాలు. 1986లో కేరళకి చెందిన ముగ్గురు పిల్లల కేసు: పాడకుండా మర్యాదగా నిలబడ్డందుకు బడినుంచి పంపేస్తే సుప్రీంకోర్టు వెనక్కి తీసుకోమంది, ఆ తీర్పు రాసిన ఓ. చిన్నపరెడ్డిగారు మన తెలుగువారే. రెండోది కర్ణాటక హిజాబ్ కేసు: 2022 మార్చిలో హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది, అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు చెరోవైపు నిలిచారు. ముగ్గురు పిల్లలకీ ఒకే తీర్పు ఇవ్వండి, లేదా ఎందుకు వేరువేరుగా ఇస్తున్నారో చెప్పండి. "మాల నలభై రోజులే కదా సార్" అన్నది వాదన కిందికి రాదు, ముందే చెబుతున్నా.

ఒక్క రూలు: క్లాసులో ఎవరినీ "మీవాళ్లు" అనొద్దు. చట్టం పేరు, ఊరు పేరు, సంవత్సరం చెప్పి మాట్లాడండి. సొంత మతం గురించి చెప్పడం ఇష్టమైతే చెప్పండి, ఎవరూ అడగరు.

శనివారం బెల్లుకి ముందు గురువారం రాసిన వాక్యం తీసి, మార్చాలనిపిస్తే దాని కిందే కొత్తది రాయండి. రెండూ ఉన్న కాగితం సోమవారం స్టాఫ్ రూములో ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు.