మూడో టర్మ్ ఫీజు, పేరెంట్స్ మీటింగ్ గురించి (ఇంగ్లీషు సర్క్యులర్‌కు తెలుగు)

తేదీ: 20 జనవరి 2026, మంగళవారం

నాలుగో తరగతి తల్లిదండ్రులకు నమస్కారం.

మూడో టర్మ్ ఫీజు కట్టడానికి ఆఖరి రోజు ఫిబ్రవరి 5, గురువారం. ఇంగ్లీషు కాగితంలో 05/02/2026 అని ఉంది. అది ఫిబ్రవరి ఐదే, మే రెండు కాదు. పోయినసారి ఇలాగే ఇద్దరు ముగ్గురు పొరపడ్డారు.

ట్యూషన్ ఫీజు: రూ. 8,500
పరీక్ష ఫీజు: రూ. 300
బస్సు ఫీజు: రూ. 2,400

బస్సులో వచ్చే పిల్లలకు మొత్తం రూ. 11,200. బస్సు లేనివాళ్లకు రూ. 8,800.

ఫిబ్రవరి 6 నుంచి కడితే రూ. 200 అదనం. ఈ 200 ఒక్కసారే, రోజుకు కాదు. ఒకేసారి కట్టలేనివాళ్లు ఫిబ్రవరి 2 సోమవారం లోపు ఆఫీసుకు వచ్చి చెబితే రెండు విడతలకు ఒప్పుకుంటారు, అదనం పడదు. ఈ మాట ఇంగ్లీషులో చివర చిన్న అక్షరాల్లో ఉంది, అందుకే ఇక్కడ విడిగా రాస్తున్నాను. ఫీజు ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి. పిల్లల చేతికి డబ్బు ఇచ్చి పంపకండి.

పేరెంట్స్ మీటింగ్ ఫిబ్రవరి 7, శనివారం ఉదయం 10 నుంచి 12:30 వరకు. అమ్మ, నాన్న, నానమ్మ, తాతయ్య ఎవరొచ్చినా ఫరవాలేదు. ప్రోగ్రెస్ కార్డు అప్పుడే ఇస్తాం.

క్లాస్ టీచర్, 4వ తరగతి